మూడు గడులు, 412 బిల్లులు: సప్లయర్ పీడీఎఫ్‌ల నుంచి నంబరు, తేదీ, మొత్తం తీసిన ఒక కేసు

ఇది పైపులు, శానిటరీ ఫిట్టింగులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక వ్యాపారం కేసు. కోస్తాలో ఒక ఊరు, ఒక గోడౌను, ఆఫీసులో అకౌంట్స్ చూసేవాళ్లు ఇద్దరు. గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను. ఇక్కడ చూపించే బిల్లు నంబర్లు మార్చినవి. ఫైళ్ల లెక్కలు మాత్రం ఆ పని చేస్తున్నప్పుడు నా నోట్సులో రాసుకున్నవే.

వాళ్లకున్న ఇబ్బంది

68 మంది సప్లయర్ల దగ్గర సరుకు కొంటారు. కొందరు బిల్లు మెయిల్లో పంపుతారు, కొందరు వాట్సాప్‌లో పెడతారు, కొందరు కాగితం ఫోనుతో స్కాన్ చేసి పంపుతారు. అన్నీ చివరికి పీడీఎఫ్‌లుగా ఒకే ఫోల్డర్లో పడతాయి. నెలకు నాలుగు వందల పైచిలుకు. వాటిని ఒక్కొక్కటే తెరిచి బిల్లు నంబరు, తేదీ, మొత్తం కొనుగోలు రిజిస్టరులో కొట్టేవాళ్లు.

టైపింగుకు పట్టే టైము ఒక ఇబ్బంది, ఆ తర్వాత వచ్చే తేడాలు ఇంకో ఇబ్బంది. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు, సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లుల జాబితా అయిన జీఎస్టీఆర్-2బి 14వ తేదీన తయారవుతుంది, పన్ను కట్టే రిటర్న్ 3బి 20వ తేదీలోగా వేయాలి. 2022 జనవరి 1 నుంచి 2బిలో కనిపించని బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు, తీసుకునే వీలు లేదు. కాబట్టి 14కీ 20కీ మధ్య రిజిస్టరునూ 2బినీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. సప్లయర్ `SVT/0158/24-25` అని అప్‌లోడ్ చేసిన బిల్లును ఇక్కడ `158` అని కొట్టి ఉంటే మ్యాచ్ అవదు. అప్పుడు మనిషి కూర్చుని వెతకాలి. ఆ ఆరు రోజులూ ఆఫీసులో టెన్షనే.

ఓనరు గారు నన్ను పిలిచి చెప్పింది ఒక్క వాక్యం: “నంబరు, డేటు, టోటలు. మూడే కదండీ, కంప్యూటరు చదవలేదా?”

పని ఒప్పుకునే ముందు రెండు అడిగాను. మొదటిది, 2024 నవంబరు నెల ఫైళ్లన్నీ ఏరకుండా, సర్దకుండా, ఉన్నవి ఉన్నట్టు. మంచివి ఏరి ఇస్తే నా ప్రోగ్రాము వాటి మీద మాత్రమే బాగుంటుంది. రెండోది, అదే నెలకు వాళ్లు చేత్తో కొట్టిన రిజిస్టరు. జవాబుల పత్రం లేకుండా పరీక్ష పెడితే మార్కులు ఎలా వేస్తాం? ప్రోగ్రాము ఎన్ని గడులు నింపిందో లెక్కపెట్టడం తేలిక. ఎన్ని సరిగ్గా నింపిందో తెలియాలంటే ఆ రిజిస్టరు తప్పనిసరి.

ముందు ఫైళ్లను విడగొట్టడం

పీడీఎఫ్ అంటే పైకి అంతా ఒకటే. లోపల మాత్రం కొన్నిట్లో అక్షరాలు ఉంటాయి, కొన్నిట్లో కాగితం ఫోటో ఒక్కటే ఉంటుంది. అక్షరాలున్నవాటిని `pdftotext -layout` నేరుగా తీసేస్తుంది, తప్పు చదవడం అనే ప్రశ్నే రాదు. ఫోటోలను బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్‌తో చదివించాలి, అక్కడ ప్రతి అంకె మీదా అనుమానం ఉంటుంది. అందుకే ఏది ఏ రకమో ముందు తేలాలి.

మొదట అక్షరాల సంఖ్య చూశాను. యాభై కంటే తక్కువ వస్తే ఫోటో అని నిర్ణయం. ఇది రెండు చోట్ల బోల్తా కొట్టింది. కొన్ని స్కానింగ్ యాప్‌లు పేజీ అడుగున తమ పేరూ ప్రచార వాక్యమూ అక్షరాలుగా చేరుస్తాయి. పేజీలు మూడు నాలుగు ఉంటే ఆ అక్షరాలే యాభై దాటిపోతాయి. ఇంకో రకం ఫైళ్లలో తెర మీద బిల్లు శుభ్రంగా కనిపిస్తుంది గానీ, అక్షరాలు తీస్తే అర్థం లేని గుర్తుల గందరగోళం వస్తుంది. లోపల పొదిగిన ఫాంటులో ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టిక లేకపోతే ఇలా అవుతుంది. కంటికి బిల్లే, ప్రోగ్రాముకు మాత్రం చెత్త.

ఇంతకంటే మంచి పరీక్ష ఆ బిల్లుల్లోనే ఉంది. ఇవన్నీ ఒకే కొనుగోలుదారు పేర వచ్చినవి. ఆ కొనుగోలుదారు జీఎస్టీ నంబరు, 15 అక్షరాలూ, మనకు ముందే తెలుసు. తీసిన అక్షరాల్లో అది అచ్చంగా దొరికితే ఆ ఫైలును నమ్మొచ్చు. దొరకకపోతే ఎన్ని వేల అక్షరాలున్నా ఫోటోగానే చూడాలి. పైగా అదే పేజీలో కనిపించే రెండో జీఎస్టీ నంబరు దాదాపు ఎప్పుడూ సప్లయరుదే. కాబట్టి బిల్లు ఎవరిదో కూడా ఈ ఒక్క అడుగులోనే తెలిసిపోయింది. 412 ఫైళ్లలో 271 మంచి అక్షరాలున్నవి, 126 ఫోటోలు, 15 గందరగోళం ఫాంటువి.

పనిచేసినట్టే కనిపించిన మొదటి ప్రయత్నం

271 మంచి ఫైళ్ల మీద అందరూ మొదట చేసేదే నేనూ చేశాను. `Invoice No` అన్న మాట వెతుకు, దాని తర్వాత వచ్చేది నంబరు. `Date` తర్వాత వచ్చేది తేదీ. `Total` తర్వాత వచ్చేది మొత్తం. ఒక పూట పని. 238 ఫైళ్లకు మూడు గడులూ నిండాయి, 33 ఖాళీగా మిగిలాయి. అక్కడితో ఆగి ఉంటే బాగా వచ్చిందనే అనుకునేవాణ్ణి. రిజిస్టరుతో పోల్చి చూస్తే ఆ 238లో 57 బిల్లుల్లో ఏదో ఒక గడి తప్పు.

ఎందుకు తప్పాయో చూడాలంటే ఒక బిల్లు పై భాగం దగ్గరగా చూడాలి. ట్యాలీలో కొట్టిన బిల్లు ఎవరు పంపినా కుడివైపు గడులు ఇలా ఉంటాయి:

```
Invoice No.              Dated
SVT/1187/24-25           9-Nov-24
Delivery Note            Mode/Terms of Payment
                         30 Days
Buyer's Order No.        Dated
PO-214                   2-Nov-24
```

మనిషి కన్ను గడి చూస్తుంది, అందుకే `Invoice No.` కింద ఉన్నది నంబరని తెలుసుకుంటుంది. ప్రోగ్రాము వరస చూస్తుంది. `Invoice No.` తర్వాత అదే వరసలో వచ్చే మాట `Dated`. దాంతో కొన్ని బిల్లులకు నంబరు గడిలో `Dated` అని పడింది. ఇది పట్టుకోవడం తేలిక. తేదీ తప్పు అంత తేలిగ్గా దొరకదు. `Dated` అన్న మాట ఇక్కడ రెండుసార్లు ఉంది, రెండోది మన ఆర్డరు తేదీ. 9వ తేదీకి బదులు 2వ తేదీ పడితే చూసేవాళ్లకు అనుమానమే రాదు.

`Total` ఇంకా కష్టం. ఐటమ్ పట్టిక చివర ఒక `Total`, కింద హెచ్ఎస్ఎన్ అనే సరుకు కోడు వారీ పన్ను పట్టికలో ఇంకో `Total`. చివరిది తీసుకుంటే పన్ను మొత్తం వచ్చేది. పైసలతో ఉన్న అంకెల్లో అన్నిటికంటే పెద్దది తీసుకుందామనుకున్నాను. చాలా బిల్లులకు అది సరిపోయింది. అయితే ఇద్దరు సప్లయర్లు బిల్లు అడుగున పాత బాకీ కూడా వేస్తారు, ఆ బాకీ బిల్లు మొత్తం కంటే ఎప్పుడూ పెద్దదే.

ఖాళీగా మిగిలిన 33 నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఖాళీ గడి తనంతట తానే కనిపిస్తుంది, ఎవరో ఒకరు నింపుతారు. తప్పుతో నిండిన 57 బిల్లులు మంచివాటి మధ్య కలిసిపోయి 14వ తేదీ దాకా బయటపడవు. అందుకే అక్కడి నుంచి పని దిశ మార్చాను. ఇంకా ఎక్కువ గడులు నింపడం పక్కన పెట్టి, నింపిన ప్రతి గడికీ రుజువు ఏమిటని అడగడం మొదలుపెట్టాను.

సప్లయరు వారీగా కాదు, ప్రింటు వారీగా

ఒక్కో సప్లయరుకు ఒక్కో నమూనా రాయడం తర్వాతి ఆలోచన. ఆరుగురికి రాశాక ఆపేశాను. 68 మందికి రాయడం అయ్యేపనే, కానీ ఎవరో ఒకరు లోగో మార్చినా, కొత్త సప్లయరు వచ్చినా మళ్లీ నన్నే పిలవాలి. నేను రాసిన ఆరింటిలో నాలుగు నిజానికి ఒకే నమూనా అని అప్పటికి అర్థమైంది. బిల్లు రూపం సప్లయరును బట్టి ఉండదు, బిల్లు కొట్టే సాఫ్ట్‌వేరును బట్టి ఉంటుంది.

68 మందిలో 31 మందివి పైన చూపిన ట్యాలీ గడులే. ఇంకో మూడు రూపాల్లో 16 మంది ఇమిడిపోయారు. ఏ రూపమో తెలుసుకోవడానికి ఫైలు లోపలి సమాచారం పనికిరాలేదు, చాలామంది విండోస్ ప్రింటు నుంచే పీడీఎఫ్ చేస్తారు కాబట్టి అక్కడ అసలు సాఫ్ట్‌వేరు పేరు ఉండదు. బిల్లు మీది మాటలే పట్టించాయి. `Amount Chargeable (in words)`, `Buyer's Order No.` రెండూ కలిసి ఉంటే అది మొదటి రూపం.

చదివే పద్ధతి కూడా మార్చాను. `pdfplumber` ప్రతి మాటా పేజీలో ఎక్కడుందో కొలతలతో ఇస్తుంది. `Invoice No.` అన్న మాట దొరికాక, దాని ఎడమ అంచుకూ పక్క గడి `Dated` ఎడమ అంచుకూ మధ్య, సరిగ్గా కింది వరసలో ఏముందో అదే తీసుకుంటాను. పేజీలో ఫలానా చోట అని స్థిరమైన కొలతలు పెట్టలేదు. మూడు ఐటమ్స్ ఉన్న బిల్లులో మొత్తం పేజీ మధ్యలో ఉంటుంది, ముప్పై ఉంటే రెండో పేజీకి జారుతుంది. మాటను ఆనవాలుగా పట్టుకుంటే అది ఎక్కడికి జారినా దొరుకుతుంది.

ఈ నాలుగు రూపాల్లోకి రాని సప్లయర్ల నుంచి నెలకు ఒకటీ రెండూ బిల్లులే వస్తాయి. వాటికి నమూనా రాయలేదు, మనిషి చూస్తే చాలు అనుకున్నాం.

క్యూఆర్‌లో ఉన్న జవాబు

ఇది నేను మొదటి రోజే చేయాల్సింది. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలు వేరే వ్యాపారాలకు ఇచ్చే బిల్లును ఈ-ఇన్వాయిస్‌గా నమోదు చేయాలి, బిల్లు మీద క్యూఆర్ కోడ్ వేయాలి. ఆ క్యూఆర్ లోపల సప్లయరు జీఎస్టీ నంబరు, మన నంబరు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం ఉంటాయి. మనకు కావలసిన మూడూ అందులోనే ఉన్నాయి. ఏ గడి పక్కన ఏముందని వెతికే పనే లేదు.

పేజీని `pdftoppm -r 300`తో బొమ్మగా మార్చి, `pyzbar`తో క్యూఆర్ చదివిస్తే ఒక పొడుగాటి వరస వస్తుంది. చుక్కలతో మూడు ముక్కలుగా ఉంటుంది, మధ్య ముక్కలో విషయం.

```python
import base64, json

def read_qr(s):
    s = s.decode()
    if not s.startswith("eyJ"):
        return None
    p = s.split(".")[1]
    p += "=" * (-len(p) % 4)
    body = json.loads(base64.urlsafe_b64decode(p))
    return json.loads(body["data"])
```

వచ్చినదాంట్లో `DocNo`, `DocDt`, `TotInvVal` మన మూడు గడులు. మొదటి షరతు అనవసరంగా పెట్టింది కాదు. చాలా బిల్లుల మీద డబ్బు కట్టడానికి యూపీఐ క్యూఆర్ కూడా ఉంటుంది, అది `upi://` అని మొదలవుతుంది. రెండూ ఒకే పేజీలో ఉన్నప్పుడు ముందు ఏది దొరికిందన్నది ముఖ్యం కాకూడదు. మూడో ముక్క డిజిటల్ సంతకం. దాన్ని సరిచూసే పని పెట్టుకోలేదు, ఎందుకంటే ఈ బిల్లులన్నీ ఎలాగూ 2బితో పోలుస్తారు.

146 బిల్లుల మీద ఈ క్యూఆర్ ఉంది, 127 చదవగలిగాం. చదవలేని 19లో ఎక్కువ భాగం ఫోన్ ఫోటోలే. కాగితం మడత క్యూఆర్ మీదుగా పోయినవి, నీడ పడినవి, వాట్సాప్‌లో చిక్కి మసకబారినవి. గందరగోళం ఫాంటు ఉన్న 15 ఫైళ్లలో 9 క్యూఆర్ వల్లే బయటపడ్డాయి.

అప్పటి నుంచి వరుస ఇదీ: ముందు క్యూఆర్, అది లేకపోతే అక్షరాలు, అవీ లేకపోతే ఓసీఆర్.

రూపాయి గుర్తు ఏడుగా మారితే

ఓసీఆర్‌కు టెసరాక్ట్ వాడాను. ఫోటో బిల్లుల్లో మొదటి వారం చూసిన ఒక బిల్లు ఇది. సరుకు విలువ 38,400.00, సీజీఎస్టీ 3,456.00, ఎస్జీఎస్టీ 3,456.00, మొత్తం ₹ 45,312.00. ప్రోగ్రాము ఇచ్చిన మొత్తం 7,45,312. నలభై ఐదు వేల బిల్లు ఏడు లక్షల నలభై ఐదు వేలు అయింది.

ఓసీఆర్ రూపాయి గుర్తును 7 అని చదివింది. పైన రెండు అడ్డగీతలు, కిందికి వాలిన ఒక గీత ఉన్న గుర్తు మసక ఫోటోలో ఏడులానే ఉంటుంది. కొన్ని బిల్లుల్లో 2 అని కూడా వచ్చింది. ఆ తర్వాత అంకెల మధ్య ఖాళీలూ కామాలూ తీసేసే నా సొంత అడుగు ఆ 7ను 45,312కు అతికించేసింది. ఐటమ్ వరసల్లో రూపాయి గుర్తు వేయరు, మొత్తం దగ్గరే వేస్తారు. కాబట్టి అంకెలన్నిటిలో అతి ముఖ్యమైనదే చెడిపోయేది.

కామాలు చూసి పట్టుకోవచ్చనిపించింది. మన పద్ధతిలో చివరి మూడు అంకెల తర్వాత రెండేసి అంకెలకు కామా పడుతుంది. `745,312.00` అని వస్తే అది మన బిల్లు రాసే తీరు కాదు, ఎక్కడో అదనపు అంకె చేరింది. కామాలు తీసేయడానికి ముందే ఈ పరీక్ష పెట్టాను. రెండు రోజులు బాగానే నడిచింది. తర్వాత ₹ 5,428.00 ఉన్న బిల్లు `75,428.00`గా వచ్చింది. కామా సరైన చోటే ఉంది, పరీక్ష దాటిపోయింది.

అప్పుడు లెక్కకే వదిలేశాను. బిల్లు తనను తాను సరిచూసుకునే కాగితం. ఆ చిన్న బిల్లులో సరుకు విలువ 4,600, పన్నులు 414, 414. కలిపితే 5,428. రౌండాఫ్ కలిపాక తేడా రూపాయి లోపు ఉంటే లెక్క కుదిరినట్టు. 75,428కు అది ఎలాగూ కుదరదు. ఇదే పరీక్ష మంచి అక్షరాల ఫైళ్లకూ పెట్టాను. పాత బాకీని మొత్తంగా తీసుకున్నవీ, పన్ను పట్టికలోని `Total` తీసుకున్నవీ ఒక్కటి కూడా దీన్ని దాటలేదు.

దీనికి తోడుగా రెండో సాక్షి అక్షరాలలో రాసిన మొత్తం: `INR Five Thousand Four Hundred Twenty Eight Only`. ఓసీఆర్ ఒక అంకె తప్పు చదివితే విలువ మారిపోతుంది. `Eight`ను `Eigbt` అని చదివితే ఏ మాటో ఇంకా తెలుస్తుంది. ఈ వాక్యంలో రాగలిగే సంఖ్యా పదాలు ముప్పై చిల్లర మాత్రమే, చదివినదానికి దగ్గరి మాట ఎంచుకుంటే చాలు. రవాణా ఖర్చు వరస చదవలేక కూడిక కుదరని చోట ఈ మాటలు సాయపడ్డాయి. మాటలు చిరిగిన అంచులో పోయిన చోట కూడిక సాయపడింది. రెండిట్లో ఒక్కటి కుదిరినా మొత్తానికి రుజువు ఉన్నట్టే అని పెట్టుకున్నాం.

బిల్లు నంబరుకు మాత్రం ఇలాంటి సాక్షి లేదు. 1187ను 1181 అని చదివితే పట్టించే లెక్క ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. అదే సప్లయరు పాత నంబర్ల ఆకారంతో పోల్చడం, తేదీల వరుసలో నంబరు సరిగ్గా ఇముడుతుందా అని చూడడం చేశాను. ఆ రెండూ పెద్ద తప్పుల్నే ఆపుతాయి. అందుకే క్యూఆర్ లేని ఫోటో బిల్లుల నంబరును ఎప్పుడూ మనిషికే చూపించాలని తేల్చాం. తెర మీద బిల్లులోంచి కత్తిరించిన నంబరు ముక్క, దాని పక్కనే చదివిన నంబరు. ఒకటేనా కాదా అని చూసి నొక్కడానికి రెండు మూడు క్షణాలు చాలు.

పన్నెండో తేదీ వరకే తప్పిన తేదీలు

తేదీలను `dateutil`తో చదివించాను. నేను పరీక్షించిన బిల్లులు నెలాఖరువి: 25/11/2024, 28/11/2024. అన్నీ సరిగ్గా వచ్చాయి. మొత్తం నెల పెట్టి చూస్తే 9/11/2024 సెప్టెంబరు 11 అయింది. ఏ సూచనా ఇవ్వకపోతే అది ముందు అంకెను నెలగా తీసుకుంటుంది. 25వ నెల ఉండదు కాబట్టి 13వ తేదీ నుంచి తనే సర్దుకుంటుంది, మొదటి పన్నెండు రోజులు మాత్రం చడీచప్పుడు లేకుండా తప్పుతుంది. `dayfirst=True` అని చెప్పగానే పోయింది.

ఒక సప్లయరు కంప్యూటరులో మాత్రం తేదీ నిజంగానే అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు వస్తుంది. అతని బిల్లుల్లో 11/25/2024 అని ఒకటి కనిపించడంతో దొరికాడు. అప్పుడు నియమం ఇలా రాశాను: ఒక సప్లయరు బిల్లుల్లో రెండో అంకె ఎక్కడైనా 12 దాటితే, అతని బిల్లులన్నిటికీ నెల ముందు. దీనితో పాటు, బిల్లు తేదీ ఫైలు వచ్చిన రోజు కంటే ముందుకు పోకూడదు, 45 రోజుల కంటే వెనక్కీ పోకూడదు. దాటితే మనిషి చూడాలి.

ఈ దశలోనే ఇంకో చిన్న దెబ్బ తగిలింది. ఫలితాలను సీఎస్‌విగా ఇచ్చాను. అకౌంటెంట్ గారు దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరవగానే `05/24` అనే బిల్లు నంబరు మే నెల తేదీగా మారింది, `000412` కాస్తా 412 అయింది. చదవడం సరిగ్గానే జరిగింది, అందించడంలో చెడింది. తర్వాత నుంచి నంబరు గడిని టెక్స్ట్‌గా గుర్తు పెట్టిన `.xlsx` ఫైలే ఇచ్చాను.

ఫలితం, దాన్ని దాటిపోయిన ఒక తప్పు

చివరికి బిల్లులు మూడు రంగుల్లో వస్తాయి. మూడు గడులకూ రుజువు ఉంటే పచ్చ, ఏ ఒక్కదానికి లేకపోయినా పసుపు, చదవలేకపోతే ఎరుపు. నవంబరు 412లో పచ్చ 287, పసుపు 110, ఎరుపు 15. ఆ 15 చేత్తో రాసిన బిల్లులు, వాటి జోలికి వెళ్లలేదు. పసుపు 110 చూడడానికి అకౌంటెంట్ గారికి అరగంట లోపే పట్టింది. అంతకుముందు ఇద్దరికీ కలిపి మూడు రోజుల పని ఇది.

పచ్చ 287ను రిజిస్టరుతో పోలిస్తే 11 చోట్ల తేడా వచ్చింది. నాకు గుండె జారింది. పదకొండు పీడీఎఫ్‌లూ ఆవిడా నేనూ కూర్చుని తెరిచాం. పదకొండింటిలోనూ రిజిస్టరే తప్పు: నంబరు ఏడు, తేదీ మూడు, మొత్తం ఒకటి. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఈ మొత్తం తప్పు కోసమే సార్, పోయిన నెల 19న రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్నాను” అన్నారు.

డిసెంబరులో 395 ఫైళ్లు, పచ్చ 281. 2బితో పోల్చినప్పుడు ఒక పచ్చ బిల్లు తప్పని తేలింది. తెరిస్తే అది అసలు బిల్లే కాదు, క్రెడిట్ నోటు. పగిలిన సరుకు వెనక్కి పంపినందుకు సప్లయరు ఇచ్చింది. ట్యాలీలో దాని గడులు బిల్లులాగే ఉంటాయి. పైన `Original Invoice No. & Date.` అని పాత బిల్లు నంబరు కూడా ఉంటుంది, ప్రోగ్రాము దాన్నే పట్టుకుంది. కూడిక కుదిరింది, అక్షరాల్లో మొత్తం కుదిరింది, తేదీ హద్దులోనే ఉంది. తగ్గించాల్సిన డబ్బు కలిపేశాం.

నవంబరులో ఇది ఎందుకు రాలేదంటే, ఆ నెల క్రెడిట్ నోట్లను వాళ్లు వేరే ఫోల్డర్లో పెట్టుకున్నారు. ఏరకుండా ఇవ్వమని అడిగాను గానీ, వాళ్ల దృష్టిలో అవి బిల్లులు కావు కాబట్టి ఇవ్వలేదు. “బిల్లులు” అని కాకుండా “సప్లయర్ల నుంచి వచ్చిన ప్రతి కాగితం” అని అడగాల్సింది. నా పరీక్షలన్నీ కాగితంలోని అంకెలు ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూసేవే, అది ఏ కాగితమో అడిగేది ఒక్కటీ లేదు. ఇప్పుడు మిగతావాటన్నిటికంటే ముందు శీర్షిక చదువుతాం. క్యూఆర్ ఉంటే అందులోని `DocTyp` చూస్తాం: `INV` అయితే బిల్లు, `CRN` అయితే క్రెడిట్ నోటు, `DBN` అయితే డెబిట్ నోటు. శీర్షిక దొరకకపోతే మిగతా లెక్కలన్నీ కుదిరినా పసుపే. సప్లయరు జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, ఆర్థిక సంవత్సరం మూడూ కలిసిన బిల్లు రెండోసారి వస్తే అది కూడా పసుపు. ఒకే బిల్లు మెయిల్లోనూ వాట్సాప్‌లోనూ రావడం మామూలే.

ఓసీఆర్‌ను ఇంకా మెరుగుపరచడానికి జనవరిలో వారం రోజులు కూర్చున్నాను. ఫోటో వంకర సరిచేయడం, నలుపు తెలుపు చేయడం, రూపాయి గుర్తును ముందే చెరిపేయడం. పసుపు కుప్ప నాలుగైదు బిల్లులే తగ్గింది. అదే వారంలో అకౌంటెంట్ గారు ఫోటోలు పంపే సప్లయర్లకు వరసగా ఫోన్లు చేశారు. “మీ సిస్టంలోంచి పీడీఎఫ్ వస్తుంది కదండీ, ప్రింటు తీసి ఫోటో కొట్టే బదులు అదే పంపండి” అని అడిగారు. చాలామందికి అలా పంపొచ్చని తెలియదు. మార్చి నాటికి నవంబరులో 126 ఉన్న ఫోటో బిల్లులు 71కి వచ్చాయి.